విమాన ఇంధనానికి డీజిల్ ఫ్యూచర్స్‌తో రక్షణ: హెడ్జ్ నిష్పత్తి ఎంత ఉండాలి?

క్లుప్తంగా: ఫ్యూచర్స్ అంటే ముందున్న ఒక తేదీకి సరుకు ధరను ఇవాళే ఖాయం చేసే ఒప్పందాలు. వాటితో ధరల రిస్క్‌ను తగ్గించుకోవడమే హెడ్జ్. కొనాల్సిన సరుకుకు, చేతిలో ఉన్న ఫ్యూచర్స్‌కు ధరలు కచ్చితంగా కలిసి కదలనప్పుడు, ఎంత సరుకుంటే అంత ఫ్యూచర్స్ కొనడం సరైన రక్షణ కాదు. రెండు ధరల మార్పులు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే కోరిలేషన్‌ను, వాటి ఒడిదుడుకుల నిష్పత్తితో గుణిస్తే వచ్చేదే రిస్క్‌ను కనిష్ఠానికి తెచ్చే హెడ్జ్ నిష్పత్తి. లెక్క తేలికే. అయితే కోరిలేషన్ 0.9 ఉన్నా డాలర్లలో చూస్తే రిస్క్‌లో నలభై శాతం పైనే మిగిలిపోతుంది. కోరిలేషన్ బాగా తక్కువైతే, ఒకటికి ఒకటి చొప్పున చేసిన హెడ్జ్ రిస్క్‌ను పెంచేస్తుంది కూడా.

విమానయాన సంస్థల ఫలితాలు వెలువడినప్పుడల్లా 'హెడ్జింగ్ నష్టాలు' అనే మాట వార్తల్లో కనిపిస్తుంది. ధరల నుంచి కాపాడుకోవడానికి చేసిన ఏర్పాటులోనే నష్టం రావడం ఏమిటన్నది చాలామందికి అర్థం కాని విషయం. అందులో కొంత భాగం సహజమైనదే. ధర తగ్గితే ఫ్యూచర్స్‌లో నష్టం వస్తుంది, ఇంధనం చవకగా దొరుకుతుంది, రెండూ సర్దుకుంటాయి. సర్దుకోకుండా మిగిలే భాగమే అసలు సమస్య. అది ఎంత ఉంటుందో, దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చో చెప్పేదే కనిష్ఠ వేరియన్స్ హెడ్జ్ నిష్పత్తి.

## సమస్య ఎక్కడ మొదలవుతుంది

విమాన ఇంధనానికి పెద్ద మొత్తంలో సులువుగా కొని అమ్ముకోగల ఫ్యూచర్స్ లేవు. అందుకే దానికి దగ్గరి సరుకును వెతుక్కుంటారు. న్యూయార్క్ మర్కంటైల్ ఎక్స్ఛేంజ్‌లో `HO` గుర్తుతో ట్రేడయ్యే డీజిల్ ఫ్యూచర్స్ అందుకు ఎక్కువగా వాడేవి. పాత అలవాటు కొద్దీ వీటిని ఇప్పటికీ హీటింగ్ ఆయిల్ ఫ్యూచర్స్ అంటుంటారు. ఒక్కో కాంట్రాక్టు 42,000 గ్యాలన్లు. విమాన ఇంధనం, డీజిల్ రెండూ ముడి చమురు శుద్ధిలో పక్కపక్క ఉష్ణోగ్రతల్లో వచ్చే ఉత్పత్తులే కాబట్టి ధరలు చాలావరకు ఒకే దిక్కుకు పోతాయి. కానీ చలి ఎక్కువైతే డీజిల్‌కు, ప్రయాణాలు పెరిగితే విమాన ఇంధనానికి విడివిడిగా గిరాకీ వస్తుంది. అప్పుడు రెండు ధరల మధ్య తేడా మారిపోతుంది. ఈ తేడానే బేసిస్ అంటారు. ఇలా ఒక సరుకు ధరను మరో సరుకు ఫ్యూచర్స్‌తో కాపాడుకోవడాన్ని క్రాస్ హెడ్జ్ అంటారు.

క్రాస్ హెడ్జ్ చేసినప్పుడు ధర రిస్క్ పూర్తిగా పోదు. దాని స్థానంలో చిన్నదైన బేసిస్ రిస్క్ వచ్చి చేరుతుంది. ఎన్ని కాంట్రాక్టులు కొంటే ఆ మిగులు అన్నిటికంటే తక్కువగా ఉంటుందన్నదే ప్రశ్న.

## సూత్రం, దాని వెనకున్న కారణం

ఒక గ్యాలన్ ఇంధనం అవసరానికి `h` గ్యాలన్ల ఫ్యూచర్స్ కొన్నారనుకుందాం. సరుకును అప్పటికప్పుడు కొనే ధర, అంటే స్పాట్ ధరలో వచ్చే మార్పు `ΔS`, ఫ్యూచర్స్ ధరలో వచ్చే మార్పు `ΔF` అయితే, సంస్థ భరించే ఖర్చులో నికర మార్పు `ΔS − h × ΔF`. దీని వేరియన్స్, అంటే ఒడిదుడుకుల కొలత, ఇలా ఉంటుంది:

```
V(h) = σS² + h²·σF² − 2·h·ρ·σS·σF
```

ఇక్కడ `σS`, `σF` అనేవి ఆ రెండు మార్పుల స్టాండర్డ్ డీవియేషన్లు, అంటే సగటు నుంచి అవి మామూలుగా ఎంత ఊగుతాయో చెప్పే అంకెలు. `ρ` వాటి మధ్య కోరిలేషన్. ఈ సమీకరణంలో రెండు శక్తులు ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తున్నాయి. చివరి పదం హెడ్జ్ వల్ల కలిగే మేలు. అది `h` పెరిగిన కొద్దీ అదే వేగంతో పెరుగుతుంది. మధ్య పదం ఫ్యూచర్స్ తమతో పాటు తెచ్చే సొంత ఒడిదుడుకులు. అది `h` వర్గంతో పెరుగుతుంది. మొదట్లో మేలు ఎక్కువ, ఖర్చు తక్కువ. ఒక స్థాయి దాటాక కొత్తగా కొనే ప్రతి కాంట్రాక్టూ మేలు కంటే ఎక్కువ ఒడిదుడుకులు తెచ్చిపెడుతుంది. ఆ రెండూ సమానమయ్యే చోట వచ్చే విలువే కనిష్ఠ వేరియన్స్ నిష్పత్తి:

```
h* = ρ × (σS / σF)
```

కోరిలేషన్ 1, ఒడిదుడుకులు సమానం అయినప్పుడు ఈ విలువ ఒకటి అవుతుంది. 'ఎంత సరుకో అంత ఫ్యూచర్స్' అనే పద్ధతి ఈ ఒక్క ప్రత్యేక సందర్భానికే (లేదా యాదృచ్ఛికంగా రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నప్పుడే) సరిపోతుంది. హెడ్జింగ్‌ను ఇలా వేరియన్స్ కోణంలో చూడటం 1960లో లీలాండ్ జాన్సన్ రచనలతో మొదలైంది. 1979లో లూయిస్ ఎడరింగ్టన్ దాన్ని కొత్తగా వచ్చిన ఫ్యూచర్స్ మార్కెట్లకు అన్వయించి, హెడ్జ్ ఎంత బాగా పనిచేసిందో కొలిచే పద్ధతిని స్థిరపరిచారు.

`h*` దగ్గరి నుంచి పక్కకు జరిగితే ఏమవుతుందో చెప్పే ఇంకో రూపం ఉంది. ఆచరణలో ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది:

```
V(h) = σS²·(1 − ρ²) + (h − h*)²·σF²
```

మొదటి భాగం ఏం చేసినా పోని రిస్క్. రెండో భాగం నిష్పత్తి తప్పినందుకు చెల్లించే మూల్యం.

## ఒక ఉదాహరణ, అంకెలతో

ఒక విమానయాన సంస్థ నెల రోజుల తర్వాత 21 లక్షల గ్యాలన్ల ఇంధనం కొనాలి. పాత ధరల నుంచి లెక్కగడితే, నెలకు విమాన ఇంధనం ధర మార్పు స్టాండర్డ్ డీవియేషన్ గ్యాలన్‌కు 0.18 డాలర్లు, డీజిల్ ఫ్యూచర్స్‌ది 0.20 డాలర్లు, వాటి మధ్య కోరిలేషన్ 0.90 అని తేలిందనుకుందాం. ఇవి లెక్క కోసం ఎంచుకున్న అంకెలు.

నిష్పత్తి: 0.90 × 0.18 ÷ 0.20 = 0.81.

21 లక్షల గ్యాలన్లను 42,000తో భాగిస్తే 50 కాంట్రాక్టులు. దాన్ని 0.81తో గుణిస్తే 40.5. అర కాంట్రాక్టు దొరకదు కాబట్టి 40 గానీ 41 గానీ కొనాలి. ఇంధనం కొనే తేదీ తర్వాత గడువు ముగిసే కాంట్రాక్టునే ఎంచుకోవాలి. లేకపోతే మధ్యలో రక్షణ లేకుండా కొన్ని రోజులు గడపాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒక్కో ఎంపికకు రిస్క్ ఎంతో చూద్దాం. ఏమీ చేయకపోతే ఖర్చులో ఒక స్టాండర్డ్ డీవియేషన్ 3,78,000 డాలర్లు. మొత్తం 50 కాంట్రాక్టులు కొంటే అది సుమారు 1,83,000 డాలర్లకు దిగుతుంది. లెక్క ప్రకారం 0.81 నిష్పత్తితో పోతే సుమారు 1,65,000 డాలర్లు. సగమే, అంటే 25 కాంట్రాక్టులు కొంటే 2,10,000 డాలర్లు.

ఈ నాలుగు అంకెల్లో గమనించాల్సిన విషయం ఒకటుంది. హెడ్జ్ లేకపోవడానికి, ఏదో ఒక హెడ్జ్ ఉండటానికి మధ్య తేడా చాలా పెద్దది. సరైన నిష్పత్తికి, దాని చుట్టుపక్కల నిష్పత్తులకు మధ్య తేడా చిన్నది. కనిష్ఠ బిందువు దగ్గర ఈ వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. అందుకే 40 కొనాలా 41 కొనాలా అన్న టెన్షన్ అనవసరం. దశాంశ స్థానాల మీద గంటలకొద్దీ చర్చించే బదులు, ఆ సమయం కోరిలేషన్ అంకె నమ్మదగినదో కాదో చూడటానికి వెచ్చించడం మేలు.

40 కాంట్రాక్టులతో నెల గడిచాక రెండు రకాలుగా జరగవచ్చు. మొదటిది: విమాన ఇంధనం 24 సెంట్లు పెరిగింది, ఫ్యూచర్స్ 22 సెంట్లు పెరిగాయి. ఇంధనానికి అదనంగా 5,04,000 డాలర్లు కట్టాలి. ఫ్యూచర్స్‌లో 40 × 42,000 × 0.22 = 3,69,600 డాలర్ల లాభం. నికర భారం 1,34,400 డాలర్లు. రెండోది: ఇంధనం 8 సెంట్లే తగ్గింది, ఫ్యూచర్స్ 15 సెంట్లు పడ్డాయి. ఇంధనంలో 1,68,000 డాలర్లు మిగిలితే, ఫ్యూచర్స్‌లో 2,52,000 డాలర్లు పోయాయి. నికరంగా 84,000 డాలర్ల నష్టం. ధరలు తగ్గిన నెలలో కూడా నష్టమేనా అని బోర్డు అడగడం ఇలాంటప్పుడే. కానీ రెండు ఫలితాలూ ఒక స్టాండర్డ్ డీవియేషన్ లోపలే ఉన్నాయి. హెడ్జ్ విఫలమైందనడానికి ఇవి ఆధారం కావు. మొదటే ఒప్పుకున్న బేసిస్ రిస్క్ ఇలాగే కనిపిస్తుంది.

రెండో సందర్భంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్యూచర్స్‌లో లాభనష్టాలు ఏ రోజుకారోజు నగదులో సర్దుబాటవుతాయి. ఆ 2,52,000 డాలర్లు నెల పొడవునా, హామీగా డబ్బు ఉంచే మార్జిన్ ఖాతాలోంచి పోతూ ఉంటాయి. చవక ఇంధనం వల్ల మిగిలేది మాత్రం నెల చివర్లో గానీ చేతికి రాదు. నిష్పత్తి సూత్రంలో ఈ నగదు ఒత్తిడి కనిపించదు.

## 0.9 కోరిలేషన్ ఎంత రక్షణ ఇస్తుంది

హెడ్జ్ సామర్థ్యాన్ని సాధారణంగా `ρ²`తో చెబుతారు. పై ఉదాహరణలో అది 0.81. 'రిస్క్‌లో 81 శాతం పోయింది' అని నివేదికల్లో రాసేస్తారు. వేరియన్స్ విషయంలో ఆ మాట నిజమే. కానీ వేరియన్స్ అంటే డాలర్ల వర్గం, దానితో ఎవరూ బిల్లు కట్టరు. డాలర్లలో మిగిలే రిస్క్ తెలియాలంటే `√(1 − ρ²)` చూడాలి. 0.81 తీసేస్తే మిగిలిన 0.19కి వర్గమూలం 0.436. అంటే మొదటి రిస్క్‌లో దాదాపు 44 శాతం అలాగే ఉంది. 3,78,000లో 1,65,000 మిగలడం అదే.

| కోరిలేషన్ | పోయిన వేరియన్స్ | డాలర్లలో మిగిలిన రిస్క్ |
|---|---|---|
| 0.99 | 98% | 14% |
| 0.95 | 90% | 31% |
| 0.90 | 81% | 44% |
| 0.80 | 64% | 60% |
| 0.50 | 25% | 87% |

కోరిలేషన్ 0.8 ఉంటే 'చాలా బలమైన సంబంధం' అనిపిస్తుంది. అక్కడ రిస్క్‌లో తగ్గేది 40 శాతమే. మరోవైపు 0.95 నుంచి 0.99కి పోతే మిగిలిన రిస్క్ సగానికంటే తక్కువకు పడిపోతుంది. సరైన కాంట్రాక్టును ఎంచుకోవడం వల్ల కలిగే మేలు, నిష్పత్తిని సవరించడం వల్ల కలిగే మేలు కంటే ఎంతో పెద్దదని ఈ పట్టిక చెబుతోంది.

అకౌంటింగ్ నియమాల్లోనూ దీనికి సంబంధించిన ఒక గీత ఉండేది. పాత ఐఏఎస్ 39 ప్రమాణం ప్రకారం హెడ్జ్ ఫలితం 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలి. రిగ్రెషన్‌తో పరీక్షించే సంస్థలు, `ρ²`కే మరో పేరైన `R²` కనీసం 0.80 ఉండాలని పాటించేవి. దానికి కోరిలేషన్ దాదాపు 0.895 కావాలి. పై ఉదాహరణలోని సంస్థ ఆ పరీక్షలో బొటాబొటిగా గట్టెక్కేది. 2018 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 9 ఆ అంకెల గీతను తీసేసి, రెండింటి మధ్య ఆర్థిక సంబంధం ఉందా లేదా అని చూడమంటుంది.

## హెడ్జ్ రిస్క్‌ను పెంచే పరిస్థితి

అదే సంస్థకు కోరిలేషన్ 0.90 కాకుండా 0.50 ఉందనుకుందాం. ఒడిదుడుకులు మారలేదు. ఇప్పుడు నిష్పత్తి 0.45. ఆ ప్రకారం చేస్తే రిస్క్ సుమారు 3,27,000 డాలర్లకు తగ్గుతుంది. లెక్క చూడకుండా 50 కాంట్రాక్టులూ కొంటే మాత్రం రిస్క్ సుమారు 4,01,000 డాలర్లవుతుంది. ఏమీ చేయకపోతే ఉండే 3,78,000 కంటే ఇది ఎక్కువ.

కారణం ముందు చెప్పిన సమీకరణంలోనే ఉంది. `h = 0` దగ్గర ఉన్న రిస్కే `h = 2h*` దగ్గర మళ్లీ వస్తుంది. అంటే సరైన నిష్పత్తికి రెట్టింపు దాటి హెడ్జ్ చేస్తే, హెడ్జ్ చేయకపోవడమే నయం. ఒకటికి ఒకటి చొప్పున హెడ్జ్ చేసేవారు `h*` 0.5 కంటే కిందికి పోయిందేమో చూసుకోవాలి. అది పోయిన రోజున వాళ్లు రక్షణ పేరుతో కొత్త రిస్క్ మోస్తున్నట్టే లెక్క.

## అంకెలు ఎక్కడి నుంచి తీసుకోవాలి

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క ఫార్ములాతో నిష్పత్తి వచ్చేస్తుంది. `B` నిలువు వరుసలో స్పాట్ ధర మార్పులు, `C`లో ఫ్యూచర్స్ ధర మార్పులు ఉంటే:

```
=SLOPE(B2:B37, C2:C37)
=RSQ(B2:B37, C2:C37)
```

మొదటిది `h*`, రెండోది `ρ²`. స్పాట్ మార్పులను ఫ్యూచర్స్ మార్పుల మీద రిగ్రెషన్ చేస్తే వచ్చే వాలు, `ρ × σS / σF` రెండూ ఒకటే. వరుసలు తారుమారు చేసి ఇస్తే వేరే విలువ వస్తుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, ధరల మార్పులకు బదులు ధరలనే పెట్టడం. ఆరు వారాల ధరలు ఇలా ఉన్నాయనుకుందాం. స్పాట్: 200, 204, 205, 210, 211, 216. ఫ్యూచర్స్: 200, 201, 206, 207, 212, 213. రెండూ కలిసి పెరుగుతున్నాయి. కోరిలేషన్ లెక్కేస్తే 0.93 వస్తుంది. ఇప్పుడు వారం వారం మార్పులు చూద్దాం. స్పాట్: 4, 1, 5, 1, 5. ఫ్యూచర్స్: 1, 5, 1, 5, 1. ఒకటి ఎక్కువ పెరిగిన వారం రెండోది తక్కువ పెరిగింది. ఈ మార్పుల కోరిలేషన్ −0.98. వారం రోజుల హెడ్జ్ చేసే వ్యక్తికి ఈ ఫ్యూచర్స్ పనికిరాకపోవడమే కాదు, హాని కూడా చేస్తాయి. ధరలు రెండూ ఒకే కాలంలో పైకి పోతే, వాటి మధ్య ఏ సంబంధం లేకపోయినా కోరిలేషన్ గొప్పగా కనిపిస్తుంది. ఏదైనా నివేదికలో 0.97, 0.98 లాంటి అంకె కనబడితే ముందు అడగాల్సిన ప్రశ్న, ఇది ధరలదా, మార్పులదా అని.

రెండో జాగ్రత్త, మార్పును ఎంత కాలానికి లెక్కించాలన్నది. నెల రోజుల హెడ్జ్‌కు నెల మార్పులే తీసుకోవాలి. రోజువారీ మార్పులతో కొలిస్తే కోరిలేషన్ తరచూ తక్కువగా వస్తుంది. స్పాట్ ధరను నిర్ణయించే సమయం, ఫ్యూచర్స్ సెటిల్మెంట్ సమయం ఒకటి కాకపోవడం దీనికి ఒక కారణం. మధ్యలో వచ్చిన వార్త ఒక ధరలో ఇవాళ, రెండో ధరలో రేపు కనిపిస్తుంది. నెల వ్యవధిలో ఆ తేడాలు కలిసిపోతాయి. ఒడిదుడుకులను వార్షిక లెక్కలో చెప్పినా ఫర్వాలేదు, నిష్పత్తిలో అవి రద్దయిపోతాయి. కోరిలేషన్ మాత్రం అలా రద్దవదు.

నెల మార్పులు తీసుకుంటే డేటా తక్కువ దొరుకుతుంది. మూడేళ్లకు 36 అంకెలే. మన ఉదాహరణలో ఆ 36 అంకెలతో వచ్చిన 0.81 చుట్టూ అనిశ్చితి చూస్తే, అసలు విలువ సుమారు 0.67 నుంచి 0.95 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఇది మొదట కలవరపెడుతుంది. కానీ వక్రరేఖ చదునుగా ఉంటుందన్న విషయం ఇక్కడ ఆదుకుంటుంది. అసలు విలువ 0.67 అయి, సంస్థ 0.81 వాడినా, కోరిలేషన్ తేడాను పక్కన పెట్టి నిష్పత్తి తప్పినందుకు పెరిగే రిస్క్‌ను మాత్రమే చూస్తే 1,65,000 కాస్తా 1,75,000 డాలర్లు అవుతుంది, అంతే. డేటా పెంచుకోవడానికి ఒకదాని మీద ఒకటి పడే నెలలను (ఈ సోమవారం నుంచి నెల, వచ్చే సోమవారం నుంచి నెల అన్నట్టు) వాడేవారున్నారు. వరుసలు పెరుగుతాయి గానీ కొత్త సమాచారం అంతగా పెరగదు. ఫలితం ఉన్నదానికంటే కచ్చితంగా కనిపిస్తుంది.

ఫ్యూచర్స్ వైపు రెండు చిక్కులున్నాయి. ఒక కాంట్రాక్టు ముగిసి తర్వాతి దానికి మారిన రోజు, వరుసలో ఒక గంతు కనిపిస్తుంది. అది ధరలో వచ్చిన మార్పు కాదు. మార్పును ఎప్పుడూ ఒకే కాంట్రాక్టు లోపల లెక్కించాలి. రెండోది, `HO` కాంట్రాక్టులో సరుకే మారింది. 2013 మే నెల కాంట్రాక్టు నుంచి అది గంధకం ఎక్కువున్న హీటింగ్ ఆయిల్ నుంచి గంధకం అతి తక్కువున్న డీజిల్‌కు మారింది. ఆ తేదీకి ముందూ వెనకా ఉన్న డేటాను కలిపి ఒకే కోరిలేషన్ తీస్తే, రెండు వేర్వేరు సరుకుల సగటు వస్తుంది.

## శాతాల్లో ఉంటే

మార్కెట్లో ఒడిదుడుకులను సాధారణంగా శాతాల్లో చెబుతారు. వాటిని నేరుగా గ్యాలన్ల నిష్పత్తిలో పెట్టకూడదు. విమాన ఇంధనం 2.50 డాలర్లు, ఫ్యూచర్స్ 2.40 డాలర్లు ఉంటే, మన ఉదాహరణలోని ఒడిదుడుకులు 7.2 శాతం, 8.33 శాతం. వీటితో వచ్చే నిష్పత్తి సుమారు 0.778. దీన్ని కాంట్రాక్టుల సంఖ్యతో కాకుండా విలువల నిష్పత్తితో గుణించాలి. కొనాల్సిన ఇంధనం విలువ 52,50,000 డాలర్లు, ఒక కాంట్రాక్టు విలువ 1,00,800 డాలర్లు. భాగిస్తే 52.08. దాన్ని 0.778తో గుణిస్తే మళ్లీ అదే 40.5. శాతాల నిష్పత్తిని 50తో గుణించి ఉంటే 39 వచ్చేది. ఇక్కడ ధరలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి తేడా చిన్నది. రెండు సరుకుల ధరలు దూరంగా ఉంటే ఈ తప్పు చాలా ఖరీదవుతుంది.

## సంబంధమే మారిపోతే

సూత్రంలోని మూడు అంకెలూ గతం నుంచి వచ్చినవే. వాటిలో ఒడిదుడుకులు మెల్లగా మారినా సర్దుకోవచ్చు. కోరిలేషన్ విరిగిపోతేనే అసలు ఇబ్బంది.

2011లో అలాంటిదే జరిగింది. అమెరికాలోని కుషింగ్ నిల్వ కేంద్రానికి చేరిన ముడి చమురు బయటికి పోయే దారి చాలక పేరుకుపోయింది. అక్కడి ధరను సూచించే డబ్ల్యూటీఐ, అంతర్జాతీయ చమురు ధరకు ప్రమాణంగా వాడే బ్రెంట్ కంటే 20 డాలర్లకు పైగా తక్కువకు పడింది. విమాన ఇంధనం ధర మాత్రం బ్రెంట్‌తో కలిసి నడిచింది. అప్పటిదాకా డబ్ల్యూటీఐతో హెడ్జ్ చేసుకున్నవారికి ఫ్యూచర్స్ ఇచ్చిన రక్షణ తగ్గిపోయింది. అనేక సంస్థలు బ్రెంట్‌కు, డీజిల్ ఫ్యూచర్స్‌కు మళ్లాయి. 2020 ఏప్రిల్ 20న ఇదే కుషింగ్ సమస్య పరాకాష్ఠకు చేరింది. మే నెల డబ్ల్యూటీఐ కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. అదే రోజు బ్రెంట్ 25 డాలర్ల పైనే ఉంది. పాత డేటా నుంచి తీసిన ఏ కోరిలేషన్ కూడా ఆ రోజును ఊహించలేదు.

1993లో మెటల్‌గెసెల్‌షాఫ్ట్ అనే జర్మన్ సంస్థకు ఎదురైనది వేరే రకం చిక్కు. దాని అమెరికా విభాగం, పదేళ్ల వరకు స్థిర ధరకు చమురు ఉత్పత్తులు సరఫరా చేస్తామని దాదాపు 16 కోట్ల బ్యారెళ్లకు ఒప్పందాలు చేసుకుంది. వాటిని దగ్గరి నెలల ఫ్యూచర్స్‌తో, బ్యారెల్‌కు బ్యారెల్ చొప్పున హెడ్జ్ చేసింది. దగ్గరి నెల ఫ్యూచర్స్ బాగా ఊగుతాయి. ఏళ్ల తర్వాత జరగాల్సిన సరఫరా విలువ అంతగా కదలదు. సూత్రంలో చూస్తే `σS` చిన్నది, `σF` పెద్దది, కోరిలేషన్ కూడా పూర్తి కాదు. కాబట్టి నిష్పత్తి ఒకటి కంటే చాలా తక్కువ ఉండాలి. పైగా లాభనష్టాలు ఫ్యూచర్స్‌లో ఇవాళే, సరఫరాలో ఏళ్ల తర్వాత. ధరలు పడ్డప్పుడు నగదు భరించలేక స్థానాలు మూసేశారు. నష్టం దాదాపు 130 కోట్ల డాలర్లు. నిధులు అందించి కొనసాగించి ఉంటే ఏమయ్యేదన్న విషయంలో ఆర్థికవేత్తలు రెండుగా చీలారు. హెడ్జ్ పరిమాణం కనిష్ఠ వేరియన్స్ స్థాయిని మించిందన్న విమర్శకు మాత్రం బలం ఉంది.

సూత్రానికి అసలు కనబడని రిస్క్ ఇంకొకటుంది. అది సరుకు పరిమాణం. 21 లక్షల గ్యాలన్లు కొంటామన్నది నిశ్చయం అనుకుని లెక్క చేశాం. 2020లో విమానాలు నేల మీదే ఉండిపోయినప్పుడు కొనాల్సిన ఇంధనమే లేకుండా పోయింది. ఫ్యూచర్స్ మాత్రం ఉన్నాయి, వాటి ధర పడుతోంది. చాలా సంస్థల హెడ్జ్‌లు ఒక్కసారిగా ఏ అవసరమూ ఎదురుగా లేని పందేలుగా మారి, ఆ నష్టాలను నేరుగా లాభనష్టాల ఖాతాలో చూపాల్సి వచ్చింది. మన ఉదాహరణలో అవసరం 8 లక్షల గ్యాలన్లకు పడిపోతే, సరైన సంఖ్య 15 కాంట్రాక్టులే. 40 కాంట్రాక్టులు అంటే దానికి రెండున్నర రెట్లు, అంటే హెడ్జ్ లేకపోవడమే నయమనే `2h*` గీతను దాటేసినట్టు. అందుకే దూరపు నెలల అవసరాల్లో కచ్చితంగా జరిగే భాగానికే నిష్పత్తిని వర్తింపజేసి, తేదీ దగ్గరపడే కొద్దీ కాంట్రాక్టులు పెంచుకుంటూ పోయే పద్ధతిని విమానయాన సంస్థలు పాటిస్తుంటాయి.

హెడ్జ్ నడుస్తుండగా సంబంధం తెగుతోందో లేదో తెలుసుకోవడానికి రిగ్రెషన్‌ను మళ్లీ మళ్లీ చేయడం ఒక్కటే మార్గం కాదు. కొత్త నెల ఒక్కటి చేరితే 36 నెలల సగటు పెద్దగా కదలదు, ప్రమాదం ఆలస్యంగా బయటపడుతుంది. ప్రతి నెలా `ΔS − 0.81 × ΔF` ఎంత వచ్చిందో విడిగా రాసి పెట్టుకుంటే త్వరగా తెలుస్తుంది. మన ఉదాహరణలో దాని స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 8 సెంట్లు. సగటు చుట్టూ 16 సెంట్ల లోపు ఊగుతుంటే అది మామూలు బేసిస్. రెండు మూడు నెలలు వరుసగా ఆ హద్దు దాటినా, లేదా అదే పనిగా ఒకే వైపుకు ఒరుగుతున్నా, నిల్వలు, రవాణా, శుద్ధి కర్మాగారాల ఉత్పత్తి లాంటి అసలు కారణాలు వెతకాలి. కారణం తాత్కాలికం కాదని తేలితే నిష్పత్తిని మార్చడం కంటే కాంట్రాక్టునే మార్చడం గురించి ఆలోచించాల్సి ఉంటుంది.